మేడిగొందికి పెన్సిళ్ళ ఉద్యోగం

చింతపల్లి నుంచి జీపులో తొమ్మిది కిలోమీటర్లు లోపలికి వెళితే మేడిగొంది వస్తుంది. ఆ ఊళ్ళో ఫోనుకి సిగ్నల్ నిలకడగా దొరికే చోటు ఒక్కటే, కృపావతి ఇంటి అరుగు. అక్కడే ఎందుకు దొరుకుతుందో టవరు కట్టినవాళ్ళకే తెలియాలి. ఆ అరుగు పుణ్యమా అని ఆమెకి నాలుగేళ్ళ కిందట బ్యాంకు మిత్ర పని వచ్చింది. వేలిముద్ర పట్టే మిషను, అరచేతిలో పట్టే ప్రింటరు, ఒక ఫోను, రెండు ప్లాస్టిక్ కుర్చీలు. అదే ఆమె బ్యాంకు. ఉపాధి పని కూలి తీసుకోవాలన్నా, పాడేరు హాస్టల్లో ఉన్న పిల్లకి డబ్బు పంపాలన్నా చుట్టుపక్కల నాలుగూళ్ళ వాళ్ళు ఆ అరుగు ఎక్కాల్సిందే.

కృపావతికి ముప్పై మూడేళ్ళు. ఇంటర్ దాకా చదివింది. నవ్వితే వీధి చివరికి వినబడుతుంది, కోపమొస్తే ఆ పై వీధికీ వినబడుతుంది. ఆదివారం చర్చిలో పాటలు ఎత్తుకునేది ఆమే. కాఫీ పళ్ళు కోసే రోజుల్లో ఆడవాళ్ళ వేళ్ళు అరిగిపోయి మిషను పట్టదు. అప్పుడు ఒక్కొక్కరి బొటనవేలూ తన ఒళ్ళోకి తీసుకుని, తడిగుడ్డతో తుడిచి, ఇంత కొబ్బరినూనె రాసి, బతిమాలి, బుజ్జగించి ముద్ర పడేదాకా వదలదు. మిషను పీక్‌మని మోగితే వేలు గలావిడ కంటే తనే ఎక్కువ సంబరపడుతుంది.

ఊరంతా ఆమెని బ్యాంకు మేడమ్ అంటారు. మొదట్లో సిగ్గుపడేది గానీ తరవాత ఆ పిలుపు అలవాటైంది, ఆ పైన రుచి మరిగింది. ఎవరైనా పొరపాటున ఉత్త కృపావతి అంటే కాస్త ఆలస్యంగా పలుకుతుంది కూడా. తమ కష్టం డబ్బు తీసే మిషను ఆమె చేతిలో పెట్టి ఊరు నిశ్చింతగా ఉందంటే, ఆమెకి అన్నీ తెలుసనే నమ్మకం. ఆ నమ్మకం వెనకాల తను ఒక సంగతి దాచి ఉంచిందని ఆమెకే తెలుసు. మొగుడు ఫల్గుణకి కూడా చెప్పలేదు.

మిరియాల కోత అయిపోయిన ఫిబ్రవరి నెల. పొద్దున్న ఎండ బాగా కాస్తోంది. ఫల్గుణ అరుగు ముందు టార్పాలిన్ పరిచి మిరియాలు ఆరబోస్తున్నాడు. అప్పుడు వచ్చింది సోని, చంకలో ఏడాది పిల్ల, వెనకాల తొమ్మిదిమంది ఆడవాళ్ళు. అందరూ ఒకే డ్వాక్రా సంఘం వాళ్ళు. సగంమంది కొత్త చీరలు కట్టుకున్నారు. పెళ్ళికి పోతున్నారేమో, నన్ను పిలవలేదేమో అని కృపావతికి ఒక్క క్షణం ఉక్రోషం కూడా వచ్చింది.

సోని ఆమెకి వరసకి మరదలు. ఇరవై మూడేళ్ళ పిల్ల, పాడేరులో డిగ్రీ పూర్తి చేసింది. ఆ సంఘంలో డిగ్రీ చదివింది ఆ పిల్లొక్కతే. మొగుడు డొంకరాయి పవర్‌హౌసులో కాంట్రాక్టు పనికి పోయి నెలకోసారి వస్తాడు. చంటిపిల్లని వదిలి ఎక్కడికీ పోలేక, ఇంట్లో కూర్చుని చేసే పని ఏదైనా దొరుకుతుందేమోనని ఈ అరుగు మీదే ఫోను పట్టుకుని ఆరునెల్లుగా వెతుకుతోంది.

"వదినా, బేగి మిషను తియ్యి. డబ్బులు పంపాల. మాకు ఉజ్జోగాలొచ్చీసినాయి!" అంది సోని అరుగు ఎక్కుతూనే.

"ఏటి ఉజ్జోగాలు? పదిమందికీనా?"

"పదిమందికీ. పెన్సిళ్ళ పని. కంపెనీవోలు సరుకు ఇంటికి పంపుతారు. మనం డబ్బాకి పది సొప్పున సర్ది, మూతెట్టి ఉంచితే ఆలే వచ్చి పట్టుకెల్తారు. నెలకి ముప్పై వేలు. ముందుగాల పదిహేను వేలు అడ్వాన్సు."

మిషను మీద కృపావతి చెయ్యి ఆగిపోయింది.

"రిజిస్ట్రేషనుకి మనిషికి ఆరొందల యాభై కట్టాలంట. నాది నిన్ననే నా ఫోన్లోంచి కట్టీసినాను. ఇదిగో నా ఐడీ కార్డు." సోని ఫోను చూపించింది. నీలిపిట్ట పెన్సిల్స్ అని నీలం రంగు అక్షరాలు, ఒక సీలు, కింద సోని ఫొటో, టీమ్ లీడర్ అని హోదా. ఆడవాళ్ళందరూ అప్పటికి పదిసార్లు చూసిన కార్డునే మళ్ళీ మెడలు చాచి చూశారు.

సంఘానికి పెద్ద సోములమ్మ. అరవై దాటిన మనిషి, సంతలో మిరియాల షావుకార్లు కూడా ఆవిడని చూస్తే తక్కెడ సరిగ్గా పట్టుకుంటారు. ఆవిడ కొంగుముడి విప్పి నోట్ల కట్ట కృపావతి ముందు పెట్టింది. "తొమ్మిదిమందివీ ఉన్నాయమ్మా. మిరియాలమ్మిన డబ్బులు. అడ్వాన్సు ఇత్తామన్నారు కాబట్టే నమ్మినాం. లేపోతే నమ్ముదుమా?"

ఆవిడ మాటలో తప్పేం లేదు. ఈ కొండల్లో పనికి పోవడమంటే ఒక్కరు పోవడం కాదు. మేస్త్రీ వచ్చి ఒకరితో మాట్లాడితే ఊరు ఊరంతా కదులుతుంది. ఆ మేస్త్రీ ముందుగా అడ్వాన్సు ఇస్తాడు. ఇచ్చేవాడైతే పని నిజం, ఇవ్వనివాడైతే ఉత్త కబుర్లు. తాతల నాటి నుంచీ వీళ్ళు మనుషుల్ని తూచే తూకం అదొక్కటే. ఎక్కడో కూర్చుని పెన్సిళ్ళ కంపెనీ పెట్టినవాడికి ఈ సంగతి తెలుసో తెలియదో గానీ, సరిగ్గా ఆ మాటే అని వీళ్ళని పడేశాడు. ఈ పెన్సిళ్ళు కృపావతికి కొత్తవి కావు.

ముందు తన పరువు పోకుండానే ఈ డబ్బు కాపాడాలని చూసింది. మనిషన్నాక అలాగే చూస్తారు. ఫోన్లో కంపెనీవాళ్ళు పంపిన ఖాతా నెంబరు మిషన్లో కొట్టింది. డబ్బు పంపకముందే ఆ ఖాతా ఎవరిదో పేరు చూపిస్తుంది. గణపతిరావు అని వచ్చింది.

"సూసినావా? కంపెనీ ఖాతా అయితే కంపెనీ పేరు రావాల. ఈ గణపతిరావు ఎవులు?"

సోని ముఖం కొంచెం మారింది. "ఉండు, సర్‌నే అడుగుతాను" అని ఫోను స్పీకర్లో పెట్టింది. రెండో రింగుకే ఎత్తాడు. ఆఫీసరుకి ఫోను చేస్తే రెండో రింగుకి ఎత్తిన అనుభవం ఆ అరుగు మీద ఎవరికీ లేదు.

"గుడ్ మార్నింగ్ సోని మేడమ్ గారూ! ప్రసాద్‌ని మాట్లాడుతున్నాను. పేమెంట్ అయిందాండీ?" గొంతు తేనెలో ముంచి తీసినట్టుంది.

సోని ఖాతా పేరు సంగతి అడిగింది. "అది మా అకౌంటెంట్ గారి పేరు మేడమ్. కంపెనీ అకౌంట్ ఆడిట్లో ఉంది, మార్చి దాకా ఇందులోకే తీసుకుంటున్నాం" అన్నాడు ఒక్క క్షణం తడుముకోకుండా.

కృపావతి ముందుకి వంగింది. "సర్, మాకు అడ్వాన్సు పదిహేను వేలు ఇత్తారు గదా. ఆరొందల యాభై అందులో పట్టుకుని మిగతాది పంపండి."

"సిస్టమ్ ఒప్పుకోదు మేడమ్. రిజిస్ట్రేషన్ అయితేనే శాలరీ ఫైల్ ఓపెన్ అవుతుంది. ఇది ఫుల్లీ రిఫండబుల్, మొదటి జీతంతో వెనక్కి వచ్చేస్తుంది. నాలుగు గంటలకి లింక్ క్లోజ్ అవుతుందండీ. మీకు కుదరకపోతే పక్క ఊరి టీమ్ రెడీగా ఉంది, వాళ్ళకిచ్చేస్తాం."

ఫోను పెట్టేశాక పక్క ఊరనే మాట అందరిలోనూ పనిచేసింది. పక్క ఊరికి పెన్సిళ్ళు పోవడమా? "పంపీయమ్మా, టైము అయిపోద్ది" అన్నారు ఇద్దరు ముగ్గురు. కృపావతి నోట్లని సోములమ్మ వైపు తిరిగి జరిపింది.

"నేను పంపను. ఇది దొంగ యవ్వారం."

"ఎలా తెలుసు నీకు?" సోని గొంతు లేచింది. "ఐడీ కార్డుంది, లెటరుంది, అడిగినదానికల్లా జవాబు సెప్పినాడు. నువ్వు పంపకపోతే చింతపల్లి ఎల్లి పంపుతాను. జీపు తొమ్మిదిన్నరకే."

"సోనీ, నా మాట ఇను..."

"నీకేటి వదినా? నిన్ను అందరూ మేడమ్ అంటారు. నేను డిగ్రీ సదివి వచ్చి రెండేళ్ళయింది, పేడ ఎత్తుతున్నాను. నన్ను మేడమ్ గారూ అని పిలిసినోడు ఈ పెపంచకంలో ఈయనొక్కడే!"

పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తనకి ఆ పిలుపు ఎంత తియ్యగా ఉంటుందో కృపావతికి తెలియదా? చింతపల్లిలో మిషన్లు బోలెడున్నాయి, ఎవడో ఒకడు పంపేస్తాడు. ఆ పైన డబ్బు పోయిందని తెలిశాక ఈ తొమ్మిది ఇళ్ళ ముందు నుంచి సోని తలెత్తుకుని నడవలేదు. దాన్ని ఆపాలంటే, ఎలా తెలుసు నీకు అన్న ప్రశ్నకి నిజం జవాబు చెప్పాలి. చెబితే రేపటి నుంచి ఈ మిషను మీద ఎవరు వేలు పెడతారు? మోసపోయినదాని చేతికి ఎవరు డబ్బిస్తారు? టార్పాలిన్ దగ్గర మొగుడు కూడా చెవి ఇటు పడేసి ఉన్నాడు.

కృపావతి కుర్చీలోంచి లేచి నిలబడింది. చర్చిలో సాక్ష్యం చెప్పేటప్పుడు అలా నిలబడుతుంది.

"ఎలా తెలుసంటే, నేనూ కట్టినాను గనక. ఇదే పెన్సిళ్ళకి."

టార్పాలిన్ దగ్గర ఫల్గుణ తలెత్తాడు.

"బ్యాంకు పని రాకముందు. నా గుంట సంకలో ఉంది అప్పుడు. సోనీ, నీలాగే. పేపర్లోనో ఫోన్లోనో సూసినాను, ఇంటికాడే పెన్సిళ్ళు సర్దడం. ముందు ఆరొందల ఇరవై కట్టినాను. మర్నాడు కార్డొచ్చింది. ఆ తరవాత అగ్రిమెంటుకని పద్దెనిమిది వందలు. పోనీలే, తిరిగొచ్చేద్ది గదా అన్నాను. ఆ మర్నాడు ఇంకోడు ఫోను సేసినాడు. అమ్మా, మీ పెన్సిళ్ళ బండి నర్సీపట్నం దాటింది, సెక్‌పోస్టులో ఆపీసినారు, జీఎస్టీ కట్టకపోతే బండి ఎనక్కిపోద్ది అన్నాడు. ఎనకాల లారీ హారను కూడా ఇనిపించినాడు! మూడువేలు కట్టినాను. ఆడు తిరిగి మరో నాలుగువేలు అడిగితే, ఇంక నా కాడ లేక ఆగినాను. తెలివొచ్చి కాదు."

"మరి నాకు సెప్పలేదేటి?" ఫల్గుణ మిరియాల మధ్యలోనే నిలబడి అడిగాడు.

"సెప్పడానికి నోరొచ్చిందా? నీకు గుర్తుందో లేదో, అప్పుడే నీ సేత గోడకి పొడుగు బల్ల కొట్టించినాను. గిన్నెలకి అన్నాను. గిన్నెలకి కాదు, పెన్సిళ్ళకి. మూడు రోజులు పొద్దున్నే తానం సేసి, రోడ్డు మలుపు కాడికి ఎల్లి పెన్సిళ్ళ బండి కోసం నిలబడినాను."

ఫల్గుణ నోరు తెరిచాడు. ఏమంటాడోనని అందరూ అతని వైపే చూశారు. "అందుకా! నాలుగు గిన్నెలకి పన్నెండడుగుల బల్లేటిరా దేవుడా అని నేను ఇన్నేళ్ళూ ఆలోసిత్తానే ఉన్నాను!" అని పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టాడు. కాళ్ళ కింద మిరియాలు చిట్లుతున్నా చూసుకోలేదు. అతను నవ్వితే ఆడవాళ్ళు నవ్వారు. ఏడుద్దామనుకున్న కృపావతికి ఏడుపు ఎటు పోయిందో తెలియలేదు, తనూ నవ్వింది. వీధి చివరి కుక్కలు మొరిగాయి.

సోని మాత్రం నవ్వలేదు. "నీ కంపెనీ వేరు, ఇది వేరేమో వదినా" అంది నెమ్మదిగా. ఆశ అంత త్వరగా చావదు.

"సరే. అయితే ఒక్క పని సెయ్యి. డబ్బులు కుదరలేదని సెప్పు. నిజం కంపెనీ అయితే సరే అమ్మా అని ఊరుకుంటాది. దొంగోడైతే ఆడే తగ్గుతాడు. సూడు."

సోని మళ్ళీ ఫోను కలిపింది. మిగతా తొమ్మిదిమందికీ కుదరలేదని చెప్పగానే ప్రసాద్ సర్ గొంతులో తేనె ఇంకొంచెం పెరిగింది. "మీ కోసం మేనేజర్‌తో మాట్లాడతాను మేడమ్. లైన్లో ఉండండి." ఏదో సంగీతం వినిపించింది. అది ఆగాక, "స్పెషల్ పర్మిషన్ వచ్చిందండీ. ఇప్పుడు సగం కట్టండి, సగం తరవాత" అన్నాడు.

పదిమంది కళ్ళూ ఒక్కసారి పెద్దవయ్యాయి. సోములమ్మ చెయ్యి చాపి సోని చేతిలోంచి ఫోను లాక్కుంది. బేరమంటే ఆవిడని ఎవరాపగలరు?

"బాబూ, సగం కూడా లేదు. మనిషికి నూరు."

"అమ్మా, అలా కుదరదండీ, ఇది కంపెనీ రూల్..."

"అయితే వద్దు నాయనా. పక్క ఊరికే ఇచ్చీ."

"ఉండండమ్మా, ఉండండి. మనిషికి రెండొందలు పంపండి, మిగతాది నా జేబులోంచి వేస్తాను."

"నూట ఇరవై."

అవతల చిన్న నిట్టూర్పు. "నూట యాభై చేయండమ్మా."

అంతే, అరుగు పేలిపోయింది. ఒకావిడ నవ్వలేక గోడకి ఆనుకుంది. ఇంకొకావిడ చంటిపిల్లని సోని చంకలోంచి తీసుకుని గాల్లోకి ఎగరేసింది. "సిస్టమ్ ఒప్పుకోదన్నావు గదరా, ఎండుచేపల బేరానికి దిగినావేటి!" అని సోములమ్మ ఫోన్లోకి గద్దించింది. "మా కొండల్లో పని కావలిసినోడే ముందు డబ్బిత్తాడు. పనిసేసేవోడి కాడ ఎవుడూ తీసుకోడు. నీకు పెన్సిళ్ళు సర్దించుకోవాలనుంటే అడ్వాన్సు పదిహేను వేలు ముందు పంపు. అందినాక మాట్లాడు."

తేనె మాయమైంది. ప్రసాద్ సర్ ఒక బూతు మాట అని ఫోను కట్ చేశాడు. మళ్ళీ చేస్తే నెంబరు కలవలేదు. సోములమ్మ నోట్ల కట్ట విప్పి, అక్కడే ఎవరి డబ్బు వాళ్ళకి ఇచ్చేసింది.

సోని అరుగు అంచున కూలబడింది. చెంపల మీద నీళ్ళు జారుతున్నాయి. "డిగ్రీ సదివినదాన్ని నేనే మిమ్మల్ని ముంచీసేదాన్ని గదా" అంది. కృపావతి పక్కన కూర్చుని దాని భుజం మీద చెయ్యి వేసింది. "పని సేసుకుని బతుకుదామనుకున్నావు. అది తప్పేటే? తప్పు ఆడిది. నాకు ఈ ముక్క తెలవడానికి ఇన్నేళ్ళు పట్టింది, నువ్వు పావుగంటలో తెలుసుకున్నావు."

అప్పుడు ఎవరూ అనుకోనిది జరిగింది. అంతవరకూ వెనకాల నిలబడి నవ్వీ నవ్వనట్టున్న సుమ ముందుకొచ్చింది. అంగన్‌వాడీలో సాయం చేసే పిల్ల, మాట తక్కువ. "అక్కా, నాదీ పోయింది" అంది. "పెన్సిళ్ళు కాదు. కాగితాలు టైపు సేసే పని. వారం రోజులు ఫోన్లోనే టైపు సేసినాను. తప్పులు ఎక్కువున్నాయి, అగ్రిమెంటు తప్పినావు, జరిమానా కట్టమన్నారు. కట్టినాను. ఇప్పుడు లాయరంట, వాట్సాపులో నోటీసు పంపినాడు. కోర్టుకి ఈడుస్తారంట. రెండు నెల్లయింది నిద్దరపోయి."

"టైపింగు తప్పులకి ఏ కోర్టూ వాట్సాపులో నోటీసు పంపదే తల్లీ!" కృపావతి దాని ముఖం రెండు చేతుల్లోకి తీసుకుంది. "ఇంక ఒక్క రూపాయి కట్టకు. ఆ మెసేజీలు మాత్రం తుడిపీకు, అవే నీకు సాక్ష్యం."

సుమ తరవాత ఇంకొకావిడ నోరు విప్పింది, ఆ తరవాత మరొకావిడ. ఒకావిడ పువ్వొత్తుల పనికి కట్టింది, ఇంకొకావిడ కొడుకు కోసం నౌకరీ ఫారానికి కట్టింది. సోని కాక పదిమందిలో ముగ్గురికి అంతకు ముందే పోయింది. ముగ్గురూ ఊళ్ళో తానొక్కతే తెలివితక్కువదాన్నని అనుకుంటూ, ఒకరి ఎదురుగా ఒకరు గుట్టుగా కూర్చుని సంఘం మీటింగుల్లో టీ తాగారు. ఆ సంగతి తలుచుకుని మళ్ళీ నవ్వులు. ఇంత సిగ్గుపడాల్సిన కబుర్లు చెప్పుకుని అంత తేలిగ్గా నవ్వుకోవడం ఆ ఊళ్ళో అంతకు ముందు ఎవరూ చూడలేదు.

నవ్వులయ్యాక కృపావతి పనిలో పడింది. సోని డబ్బు పోయింది నిన్న కాబట్టి ముందు దాని పని. ఆన్‌లైన్ మోసాల ఫిర్యాదులు తీసుకునే 1930 కి ఫోను చేయించింది. చాలాసేపు లైను దొరకలేదు, నాలుగోసారికి దొరికింది. ఏ రోజు, ఎన్ని గంటలకి, ఎంత, ఏ ఖాతాకి పోయిందో, డబ్బు పంపినప్పుడు వచ్చిన లావాదేవీ నెంబరు ఎంతో అడిగారు. సోని తడబడకుండా చెప్పింది. కాసేపటికి ఫిర్యాదు నెంబరు మెసేజీగా వచ్చింది. సుమది రెండు నెలల నాటిది, అయినా దాన్నీ రాయించింది. డబ్బు ఆ ఖాతాలోనే ఇంకా ఉంటే ఆపగలరు గానీ, దాటిపోతే కష్టమని అవతలి ఆయన ఉన్నమాట చెప్పాడు. ఆశ పెట్టని మనిషి గొంతు అంత హాయిగా ఉంటుందని సోనికి ఆ రోజే తెలిసింది. దాని ఆరొందల యాభై ఇప్పటిదాకా రాలేదు.

అందరూ వెళ్ళిపోయాక ఫల్గుణ వచ్చి పక్కన కూర్చున్నాడు. "అయిదువేలు పైచిలుకు పోగొట్టుకుని ఒక్కదానివే మోసినావు. నాకు సెప్పుంటే సగం మోద్దును గదా" అన్నాడు. అందరి ముందూ నవ్విన మనిషి ఇప్పుడు నవ్వలేదు. కృపావతికి దాచుకున్న ఏడుపంతా అప్పుడొచ్చింది. మనసు తీరా ఏడ్చి, ముక్కు చీది, లేచి మిరియాలు తిరగేసింది.

ఆ పైన కొన్ని రోజులు ఆమెకి భయం భయంగానే గడిచింది. చెప్పడమైతే చెప్పేసింది గానీ, సంగతి ఒక్కరోజులో కొండ దిగి కొండెక్కి నాలుగూళ్ళకీ పాకింది. సోములమ్మ నోట్లో పడ్డ మాట ఇంటి దగ్గర ఆగుతుందా? మర్నాడే సంతలో ప్రతి దుకాణం ముందూ ఆగి, తను బేరమాడి దొంగని నూట యాభైకి దింపిన వైనం చెప్పింది. దాంతోపాటు పన్నెండడుగుల బల్ల సంగతీ చెప్పింది. ఆ తరవాత మూడు రోజులపాటు అరుగు మీద జనం పలచబడినట్టే కృపావతికి అనిపించింది. నిజానికి అవి వరసగా చలిగాలులు కొట్టిన రోజులు, ఎవరూ గుమ్మం దాటలేదు. భయపడే మనిషికి చలిగాలులు గుర్తుంటాయా?

నాలుగో రోజు పొద్దున్న సోని పిల్లని చంకనేసుకుని వచ్చి రెండో కుర్చీలో కూర్చుంది. ఎవరైనా ఫోను పట్టుకొస్తే, అందులో మెసేజీ చదివి అర్థం చెప్పడం తన పనంది. జీతమెంత అని కృపావతి అడిగితే, రిజిస్ట్రేషన్ కట్టించుకోకుండా చేర్చుకుంటే చాలంది. ఇద్దరూ పగలబడి నవ్వుతుండగానే రోడ్డు మలుపు దగ్గర జీపు ఆగింది.

దిగినాయన పేరు వరహాలు. పై కొండ మీది ఊరి రైతు, అంతకు ముందు ఈ అరుగు ఎప్పుడూ ఎక్కలేదు. భుజాన తువ్వాలు, చేతిలో ఫోను, వెనకాల ఇంటర్ పాసైన కూతురు. ఆ పిల్ల ముఖం నిండా ఆశ. విమానాశ్రయంలో పనంట, ముందుగా డ్రస్సుకి మూడువేలు కట్టాలంట. ఆయన అరుగు కింద నిలబడి కుర్చీల్లో ఉన్న ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"బ్యాంకు మేడమ్‌లు చింతపల్లిలో శానామంది ఉన్నారుగానీ, నాకు ఆలొద్దమ్మా" అన్నాడు. "ఇక్కడ డబ్బులు కట్టి మోసపోయిన మేడమ్ ఒకావిడ ఉన్నాదంట. ఆవిడకి సూపించకుండా పైసా పంపొద్దని మా ఊరోలందరూ సెప్పినారు. ఆవిడెవులు?"

సోని కొంగు నోట్లో కుక్కుకుంది. కృపావతి ఒక్క క్షణం కూడా ఆలస్యం చేయకుండా లేచి నిలబడింది.

"నేనే బాబూ," అంది వీధి చివరికి వినబడేలా. "రండి, కూసోండి. ఏదీ, ఆ ఫోనిలా తెండి."